వరుస తప్పిన పుట సాక్ష్యం కాదు

పాత తెలుగు పుటను స్కాను చేయడం, ఆ బొమ్మను ఓసీఆర్ సాఫ్టువేరుకు అప్పగించడం, అది వెలువరించిన అక్షరాలను ఒక ఫైలులో దాచి "ఈ పుటను కాపాడాము" అని ప్రకటించుకోవడం మనలో ఆనవాయితీ అయిపోయింది. రెండు నిలువు వరుసలలో అచ్చయిన పుటల విషయంలో ఈ ప్రకటన చాలాసార్లు అబద్ధమని చెప్పడానికే ఈ వ్యాసం. అక్షరాలన్నీ సరిగా దిగినా, అవి చదవవలసిన వరుసలో లేకపోతే మనం కాపాడినది పుటను కాదు. ఆ పుటలోని మాటలను కలగలిపి పోసిన కుప్పను మాత్రమే.

ఓసీఆర్ అంటే బొమ్మలోని అక్షరాల ఆకారాలను గుర్తించి, వెతకడానికి, దిద్దడానికి వీలయిన పాఠంగా మార్చే ప్రక్రియ. అక్షరాన్ని గుర్తించడం ఒక పని. ఏ పంక్తి తరువాత ఏ పంక్తి చదవాలో నిర్ణయించడం మరొక పని. మన చర్చలన్నీ మొదటి పని చుట్టూనే తిరుగుతున్నాయి: ఎన్ని అక్షరాలు తప్పాయి, వత్తులు నిలిచాయా, "ఘ"ను "ఫు"గా చదివిందా అని. ఇవి కంటికి కనబడే తప్పులు. రెండవ పనిలో జరిగే తప్పు కంటికి ఆనదు. ప్రతి మాటా శుద్ధంగానే ఉంటుంది, వాక్యం మాత్రం మరొకటైపోతుంది.

ఒక నమూనా చూపుతాను. ఈ పంక్తులు విషయం విశదం కావడానికి నేనే కూర్చినవి; ఏ బడి చరిత్రా కాదు. ఒక సంఘం వార్షికోత్సవ సంచికలో రెండు నిలువు వరుసల పుట ఉన్నదనుకోండి. ఎడమ వరుస నెత్తిన ఒక చిన్న శీర్షిక ఉన్నది. అందుచేత ఎడమవైపు పాఠం కుడివైపు పాఠం కంటె ఒక పంక్తి కిందికి జరిగింది.

```
మన బడుల స్థితి                    |  విరుదునగర్ బడిలో తెలుగు తరగతి
కోవిల్‌పట్టి బడిలో తెలుగు తరగతి   |  నిలిచిపోయింది. పంతులు బదిలీ
ఆగలేదు. పిల్లలు తగ్గినా పంతులు    |  అయ్యారు. వేరొకరు రాలేదు.
ఉన్నారు.                           |
```

అచ్చువేసినవారు చెప్పినది స్పష్టం. కోవిల్‌పట్టి బడిలో తెలుగు తరగతి ఆగలేదు. పిల్లలు తగ్గినా పంతులు ఉన్నారు. విరుదునగర్ బడిలో తరగతి నిలిచిపోయింది. పంతులు బదిలీ అయ్యారు, వేరొకరు రాలేదు. ఇప్పుడు సాఫ్టువేరు నడిమి ఖాళీని గుర్తించక, ఎడమ అంచునుండి కుడి అంచుదాకా ఒకే పంక్తిగా చదువుకుంటూ పోయిందనుకోండి. మొదటి పంక్తిలో శీర్షిక విరుదునగర్ వాక్యంలో మునిగిపోతుంది. ఆ తరువాత ఫైలులో మిగిలేది ఇది: "కోవిల్‌పట్టి బడిలో తెలుగు తరగతి నిలిచిపోయింది. పంతులు బదిలీ ఆగలేదు. పిల్లలు తగ్గినా పంతులు అయ్యారు."

ఒక్క అక్షరమూ తప్పలేదు. కాని నడుస్తున్న తరగతి మూతపడింది. మూడు వాక్యాలలో రెండు వ్యాకరణ శుద్ధంగా, నమ్మదగినట్టుగా ఉన్నాయి. ఇది తెలుగులో మరింత సులభంగా జరుగుతుంది. ఎందుచేతనంటే మన వాక్యంలో క్రియ చివరకు వస్తుంది. అవును, కాదు అనే తేలిక ఆ క్రియలోనే ఉంటుంది. నిలువు వరుస ఇరుకైనది కాబట్టి క్రియ తరచుగా తరువాతి పంక్తికి జారిపడుతుంది. పక్క వరుసలోని క్రియ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటే, వాక్యం విరిగిపోదు, తలకిందులవుతుంది.

గుంటూరులోనో వరంగల్లులోనో ఇటువంటి ఫైలును తెరిచిన పాఠకుడు "పిల్లలు తగ్గినా పంతులు అయ్యారు" అనే చోట ఆగి, ఏదో తేడా ఉన్నదని మూలపుట చూస్తాడు. కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో ఆ పాఠకుడు ఎవరు? నల్లరేగడి పల్లెలలో తెలుగు ఇంటిభాషగా ఉన్నది, కాని ఆ ఇండ్లలో చాలామందికి తెలుగు లిపి రాదు. ఈ నేల తెలుగువారి జ్ఞాపకం చాలావరకు తమిళ లిపిలోనే నిలిచింది. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. తెలుగు సీమనుండి దక్షిణానికి వలసవచ్చిన కుటుంబాల కథను ఆయన 1976లో "గోపల్ల గ్రామం" నవలగా తమిళంలోనే రాశారు. ఇటువంటి చోట తాతల నాటి తెలుగు సంచిక నేటి మనుమడికి చేరేది రెండు దారులలోనే. ఆ పాఠాన్ని తమిళ లిపిలోకి మార్చి ఇవ్వాలి, లేదా యంత్రంచేత బిగ్గరగా చదివించాలి. రెండు దారులకూ ఆధారం ఓసీఆర్ ఫైలే. మూలపుట అతనికి చిత్రలిపితో సమానం. వరుస తప్పిన వాక్యాన్ని అతడు తప్పుగా పట్టుకోలేడు. తన తాతలు అలాగే రాశారని నమ్ముతాడు. తప్పు పట్టగల పాఠకుడు లేనిచోట ఆ పని ఫైలు తయారుచేసేవాడే చేయవలసి ఉంటుంది.

వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి మరొక మాట చెప్పాలి. భాషా అల్పసంఖ్యాకుల వాదం కాగితాల మీద నిలుస్తుంది. రాజ్యాంగం 29వ అధికరణం మొదటి ఖండం భాషతో పాటు లిపిని కూడా పేరుపెట్టి, పరిరక్షించుకొనే హక్కు ఇచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని చెప్పింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత, ఏ ఊరి బడిలో ఏ సంవత్సరం దాకా తెలుగు నడిచిందన్నది పాత ముచ్చట కాదు, వాదానికి పునాది. ఆ సంగతి సంఘాల సంచికలలో, బడుల వార్షిక నివేదికలలో ఉంటుంది. అవి చాలావరకు రెండు వరుసల పుటలే.

ఇటువంటి ఫైలునుండి తీసిన ప్రతిని ఒక వినతిపత్రానికి జతపరిస్తే ఏమవుతుంది? ఎదుటి పక్షం మూలపుట తెప్పించి చూపిన మరుక్షణం, మనం సమర్పించిన తక్కిన కాగితాల మీద కూడా అనుమానం పడుతుంది. ఎలక్ట్రానిక్ పత్రాలకు ధ్రువీకరణ ఉంటుంది కదా అంటారు. పాత సాక్ష్య చట్టంలో 65-బి సెక్షన్ కింద, 2024 జూలై 1నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఆ ధ్రువపత్రం ఇస్తాము. ఇప్పటి నమూనాలో ఫైలు హాష్ విలువ కూడా రాయాలి. ఆ విలువ చెప్పేది ఒక్కటే: ఈ ఫైలు మారలేదని. తప్పుగా పుట్టిన ఫైలుకు కూడా హాష్ విలువ ఉంటుంది. అది ఆ తప్పును చెక్కుచెదరకుండా ఉంచిందని మాత్రమే రుజువు చేస్తుంది.

ఇక యంత్రం ఎక్కడ పొరపడుతుందో చూద్దాము. మన కార్యకర్తలు ఎక్కువగా వాడే ఉచిత సాఫ్టువేరు టెసరాక్ట్. దానికి పుటను ఎలా చూడాలో ఒక అంకెతో చెప్పవచ్చు. `--psm 3` అంటే పుట అమరికను నీవే కనుగొనమని. ఏమీ చెప్పకపోతే అదే వర్తిస్తుంది. `--psm 6` అంటే ఇదంతా ఒకే పాఠపు దిమ్మ అని మనమే హామీ ఇవ్వడం. "ఆరు పెడితే మాటలు ఎక్కువ దిగుతున్నాయి" అని కొందరు పుటలన్నిటికీ అదే వాడుతున్నారు. రెండు వరుసల పుటకు ఆ అంకె పెట్టడమంటే అడ్డంగా చదవమని ఆజ్ఞాపించడమే.

మూడు పెట్టినా భరోసా లేదు. యంత్రం నిలువు వరుసలను గుర్తించేది పంక్తుల అంచులు ఒకే నిలువు రేఖలో అమరి ఉండటాన్ని బట్టి, వాటి నడుమ ఉన్న తెల్లని సందును బట్టి. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాను చేసిన ఒక పుటను తీసుకుందాము: వెడల్పు 2200 చుక్కలు, ఎత్తు 2900. నడిమి సందు 70 చుక్కలు, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు. పాఠం ఎత్తు 2400 చుక్కలు. స్కానరు మీద పుట ఒక డిగ్రీ వంగితే పైనుండి కిందికి వచ్చేసరికి ఆ సందు 42 చుక్కలు పక్కకు జరుగుతుంది. నిటారుగా చూస్తే మిగిలే తెలుపు 28 చుక్కలే. రెండు డిగ్రీలు వంగితే 84 చుక్కలు జరుగుతుంది. నిటారు తెలుపు పూర్తిగా మాయమవుతుంది. కుట్టు విప్పని సంచికను బలవంతంగా పరచి తీసిన పుటలో కుట్టుదగ్గర పంక్తులు వంపు తిరుగుతాయి కాబట్టి కష్టం ఇంకా ఎక్కువ.

వంపు లేకపోయినా మరొక చిక్కు ఉన్నది. పుట మధ్యలో రెండు వరుసలనూ దాటి ఒక పెద్ద శీర్షిక పరుచుకొని ఉంటే, అది సందుకు అడ్డుకట్ట వేస్తుంది. మనిషి ఇటువంటి పుటను ఎలా చదువుతాడు? శీర్షికకు పైనున్న ఎడమ భాగం, పైనున్న కుడి భాగం, ఆ తరువాత శీర్షిక, దాని కింద ఎడమ, దాని కింద కుడి. యంత్రం ఎడమ వరుసను పైనుండి అట్టడుగుదాకా చదివేసి తరువాత కుడికి వెళ్తే, మొదటి వ్యాసం సగంలో రెండవ వ్యాసం జొరబడుతుంది. కావున ముందు పుటను అడ్డంగా పట్టీలుగా విడదీయాలి. ఆ తరువాతనే ప్రతి పట్టీనీ నిలువుగా చీల్చాలి. ఈ వరుస తారుమారు కాకూడదు.

దీనికి నమ్మదగిన పద్ధతి యంత్రం ఊహను నమ్మకుండా మనమే పుటను ముక్కలు చేసి ఇవ్వడం. పైన చెప్పిన పుటలోనే కుడి వరుస పై భాగంలో ఒక ఫొటో, దాని కింద వివరణ ఉన్నవనుకుందాము. ముందు పుటను నిటారు చేయాలి. తరువాత చదివే వరుసలో అంకెలు వేసుకోవాలి. 1 పుట నెత్తిన శీర్షిక. 2 ఎడమ పై భాగం. 3 కుడివైపు ఫొటోకు పైన ఉన్న పాఠం. 4 ఫొటోకు కింద ఉన్న పాఠం. 5 ఫొటో వివరణ. 6 మధ్య శీర్షిక. 7 ఎడమ కింది భాగం. 8 కుడి కింది భాగం. పుట సంఖ్య పాఠంలో చేరదు. దానిని ఫైలు పేరులో ఉంచాలి. రెండవ ముక్కకు ఆదేశాలు ఇలా ఉంటాయి:

```
magick puta.png -deskew 40% +repage nitaru.png
magick nitaru.png -crop 1000x1380+100+360 +repage 2.png
tesseract 2.png 2 -l tel --psm 6
```

మొదటి పంక్తి వంపు తీస్తుంది. రెండవది ఎడమ అంచునుండి 100, పైనుండి 360 చుక్కల వద్ద మొదలుపెట్టి 1000 వెడల్పు, 1380 ఎత్తు గల ముక్కను కత్తిరిస్తుంది. కొలతలు నిటారు చేసిన బొమ్మ మీదనే తీయాలి. వంపు తీసినప్పుడు బొమ్మ పరిమాణం మారుతుంది. మూడవ పంక్తిలో `--psm 6` మళ్ళీ వచ్చింది. ఇప్పుడు అది న్యాయమే, ఎందుచేతనంటే ఆ ముక్కలో నిజంగానే ఒకే దిమ్మ ఉన్నది. మన ప్రాంతపు సంచికలలో ఒక వరుస తెలుగు, పక్క వరుస తమిళం ఉండటం కూడా కద్దు. ముక్కలు చేసినప్పుడు తమిళ ముక్కకు `-l tam` అని విడిగా చెప్పవచ్చు. ఒక లిపిని మరొక లిపిగా చదివే ప్రమాదం తప్పుతుంది.

నాలుగవ, ఐదవ ముక్కల వరుసను గమనించండి. పుట మీద ఫొటో వివరణ మూడవ ముక్కకు వెంటనే కింద ఉన్నది. అయినా దానిని అక్కడ పెట్టకూడదు. ఫొటో తరచుగా వాక్యం నడుమ అడ్డుపడుతుంది. మూడవ ముక్క చివరి పంక్తి నాలుగవ ముక్క మొదటి పంక్తిలో పూర్తవుతుంది. కాబట్టి ఆ రెంటినీ కలిపి, వివరణను పక్కన విడి పేరాగా ఉంచాలి. వివరణ ముందు "చిత్రం:" అనీ, శీర్షిక ముందు "శీర్షిక:" అనీ తెలుగులోనే గుర్తు పెడితే చాలు. వివరణను పారవేయడం మాత్రం తగదు. ఫొటోలో ఉన్నవారి పేర్లు, ఊరు, సంవత్సరం చాలాసార్లు వ్యాసంలో ఎక్కడా ఉండవు. ఆ ఒక్క పంక్తిలోనే ఉంటాయి.

శీర్షికలను గుర్తించే పనిని కూడా యంత్రానికి వదలరాదు. రోమను లిపి కోసం రాసిన చిట్కా ఒకటి ఉన్నది: మాట ఎత్తు ఎక్కువైతే శీర్షిక అని. తెలుగులో అది పనికిరాదు. ఒకే పరిమాణపు అచ్చులో "గద" కంటె "స్త్రీ" చాలా ఎత్తు. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఒక్క మాటను కొలిస్తే మామూలు పాఠం శీర్షికగా కనబడుతుంది. పంక్తి పొట్టిగా ఉండటం, దాని పైన కింద ఎడం ఎక్కువ ఉండటం, అక్షరాలు లావుగా ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడే అది శీర్షిక. ఇది మనిషి కన్ను క్షణంలో చేసే పని.

చేతికి వచ్చిన ఫైలు వరుసలో ఉన్నదో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు చాలు. మొదటిది పంక్తి నిడివి. అచ్చు వరుసలో పంక్తికి నాలుగైదు మాటలుంటే, ఫైలులో ఎనిమిది, పది మాటల పంక్తులు కనబడితే రెండు వరుసలు అతుక్కున్నట్లే. రెండవది అతుకు పరీక్ష. ఎడమ వరుస చివరి పంక్తినీ కుడి వరుస మొదటి పంక్తినీ ఫైలులో వెతకండి. అవి పక్కపక్కన ఉండి, కలిపి చదివితే అర్థం సాగాలి. పైన చూపిన నమూనాలో "ఉన్నారు." తరువాత "విరుదునగర్ బడిలో" రావాలి. మూడవది విరిగిన మాటల పరీక్ష. పాత తెలుగు అచ్చులో పంక్తి చివర మాట పట్టకపోతే గీత కూడా పెట్టకుండా విరిచేవారు: ఒక పంక్తి చివర "విరుదు", తరువాతి పంక్తి మొదట "నగర్". వరుస సరిగా ఉన్న ఫైలులో ఈ రెండు ముక్కలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి, అతకవచ్చు. వరుస తప్పితే వాటి నడుమ పరాయి పంక్తి ఉంటుంది.

"వెతికితే మాట దొరికితే చాలదా, వరుస దేనికి?" అనే వారికి ఈ మూడవ పరీక్షే జవాబు. అతకని "విరుదు", "నగర్" ముక్కలు ఉన్న ఫైలులో విరుదునగర్ అని వెతికితే దొరకదు. దొరికిన మాట కూడా ఏ వాక్యానిదో తెలియకపోతే ప్రయోజనం లేదు. "బొమ్మ మన దగ్గరే ఉన్నది, సాఫ్టువేరు మెరుగయ్యాక మళ్ళీ చేద్దాం" అనేవారూ ఉన్నారు. బొమ్మ ఉన్నంతవరకు అది నిజమే. కాని బరువైన బొమ్మలను ఎవరూ పంచుకోరు. తేలికైన పాఠం ఫైలునే ఒకరినుండి ఒకరు నకలు చేసుకుంటారు. మెరుగైన పాఠం పుట్టేనాటికి తప్పు పాఠం వంద చోట్ల పాతుకొని ఉంటుంది. "మనుషులు లేరు" అనేది మూడవ మాట. ఒక పుటను ఎనిమిది ముక్కలుగా కత్తిరించడానికి కొద్ది నిమిషాలు పడుతుంది. ఒక సంచికలో పుటలన్నిటి కొలతలు సాధారణంగా ఒకటే కాబట్టి, ఫొటోలు, మధ్య శీర్షికలు లేని పుటలకు మొదటి పుట కొలతలే పనికివస్తాయి. అంత తీరిక కూడా లేదంటే తక్కువ పుటలు చేద్దాము. వంద తప్పు పుటలకంటె పది సరైన పుటలు మేలు.

కావున తమిళనాడులో తెలుగు పుటలను కంప్యూటరుకు ఎక్కిస్తున్న సంఘాలు, గ్రంథాలయాలు, కార్యకర్తలు మూడు నియమాలు పాటించాలని కోరుతున్నాను. పుట బొమ్మను విడిచి పాఠం ఫైలును ఒంటరిగా ఎవరికీ ఇవ్వరాదు. రెండింటికీ ఒకే అంకె పేరుగా ఉండాలి. ప్రతి ఫైలు నెత్తిన "వరుస సరిచూచినది" లేదా "వరుస సరిచూడనిది" అని రాయాలి. రెండవ గుర్తు ఉన్న ఫైలును తమిళ లిపిలోకి మార్చరాదు, వినతిపత్రాలకు జతచేయరాదు. సరిచూచే మనిషి కత్తిరించిన మనిషి కారాదు. తెలుగు వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు, వేరొకరు ఆమోదించాకనే ఆకుపచ్చ రంగు వేస్తారు. ఆ కట్టుబాటు మనకు కొత్తది కాదు. తెలుగు లిపి చదవగల పెద్దలు ఈ రెండు ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వారికి కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు. అచ్చుతీసిన పాఠాన్నీ మూలపుటనూ పక్కపక్కన పెట్టి, ఎడమ వరుస అడుగునుండి కుడి వరుస నెత్తికి వేలుపెట్టి చదవమని వారిని అడగండి. ఈ నెల కత్తిరించే మొదటి పుటతోనే ఆ పని మొదలుపెట్టాలి.